ఎత్తూ వెడల్పూ సమానమైన డబ్బా

మేము రొయ్యల ఇగురు డబ్బాల్లో పెట్టి అమ్మేవాళ్ళం. సూళ్లూరుపేట దాటి తీరం వైపు పోయే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, దాని వెనక బాయిలర్, ఆ పక్కన నా ల్యాబ్. ఉప్పుగాలికి తలుపు బందులు ఊరికే తుప్పు పట్టేవి. నేను అక్కడ నాణ్యత చూసే మనిషిని. నేను సంతకం పెడితేనే సరుకు గేటు దాటాలి.

యజమానిది చిల్లకూరు వైపు. రొయ్యల గుంటలు వేసి, రెండుసార్లు తెగులొచ్చి మునిగి, చివరికి పచ్చి రొయ్య అమ్మడం కంటే వండి అమ్మడం మేలని ఈ షెడ్డు కట్టాడు. ఆయన్ని నేను అన్నా అనేదాన్ని, నన్ను ఆయన అమ్మా అనేవాడు. మంచివాడు. తొందర మనిషి.

డబ్బాలో వంటకం నెలల తరబడి నిలవుండాలంటే లోపల ఏ జీవీ బతికి ఉండకూడదు. మూత బిగించాక డబ్బాలను రిటార్ట్‌లో పెడతాం. అదొక పెద్ద ప్రెషర్ కుక్కర్, మనిషి లోపలికి దూరి నిలబడగలిగేంత పెద్దది. అందులో ఆవిరిని నూట ఇరవయ్యొక్క డిగ్రీల దాకా తీసుకుపోయి, డబ్బా నడిబొడ్డుకు కూడా ఆ వేడి చేరేదాకా ఉంచాలి. ఎందుకంటే గాలి తగలని చోట పెరిగే ఒక సూక్ష్మజీవి ఉంది. దాని గింజలు, స్పోర్లంటారు, మరిగే నీళ్ళలో కూడా చావవు. అవి బతికితే డబ్బాలో విషం పుట్టిస్తాయి. ఆ విషానికి వాసన ఉండవచ్చు, ఉండకపోవచ్చు. కొద్దిగా తిన్నా మనిషికి ఒక్కటి రెండుగా కనిపిస్తుంది, గుటక పడదు, తర్వాత ఊపిరి ఆడదు. నా ఉద్యోగం మొత్తం ఆ ఒక్క భయం చుట్టూ తిరిగేది.

మా పాత డబ్బా పళ్ళెం లాంటిది. వెడల్పు పదకొండున్నర సెంటీమీటర్లు, ఎత్తు నాలుగుకి కాస్త తక్కువ. రేకు ధర పెరుగుతూ పోయిన ఏడాది, ఒక ఆదివారం పొద్దున యజమాని ఆ డబ్బా ఖాళీది ఒకటి చేత్తో పట్టుకుని మా ఇంటికొచ్చాడు. నా కోసం కాదు, మా ఆయన కోసం. మా ఆయన సూళ్లూరుపేటలో జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్.

"సార్, ఇందులో పట్టేది ఇంతే ఉండాల. రేకు మాత్రం తగ్గాల. ఎట్టా చేస్తే తగ్గుద్దో మీరు చెప్పాల," అన్నాడు కుర్చీలో కూర్చోకుండానే.

మా ఆయన మొహం వెలిగింది. ఏటా రెండో సంవత్సరం పిల్లలకు ఆయన చెప్పే లెక్క అది. పిల్లలు బట్టీ పట్టి పరీక్షలో రాసి మర్చిపోతారు. నిజంగా రేకు కొనే మనిషి వచ్చి అడగడం ఆయన జీవితంలో మొదటిసారి.

"కూర్చోండి చెప్తాను. మీ డబ్బా ఇంకా పొట్టిగా చేసినారనుకోండి, మూతా అడుగూ పెద్దవైపోతాయి. సన్నగా పొడుగ్గా చేసినారనుకోండి, మూతలు చిన్నవైనా చుట్టూ గోడ పెరిగిపోతుంది. మధ్యలో ఎక్కడో ఆగాల. ఎక్కడా అన్నదే లెక్క."

పేపరు వెనక గీసి చూపించారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను. ఆయన చెప్పిన పద్ధతి నాకిప్పటికీ గుర్తే, ఎందుకంటే అంత స్పష్టంగా ఆయన చెప్పగా అంతకు ముందు వినలేదు.

"వెడల్పు నూటికి ఒక పాలు పెంచండి. మూత వైశాల్యం వెడల్పు వర్గాన్ని బట్టి పోతుంది కాబట్టి నూటికి రెండు పాళ్ళు పెరుగుతుంది. పట్టేది మారకూడదు కదా, అందుకని ఎత్తు నూటికి రెండు పాళ్ళు తగ్గించాల. గోడ అంటే చుట్టుకొలతను ఎత్తుతో గుణించినంత. చుట్టుకొలత ఒక పాలు పెరిగింది, ఎత్తు రెండు పాళ్ళు తగ్గింది. అంటే గోడ ఒక పాలు తగ్గింది. మూతలు రెండు పాళ్ళు పెరిగితే గోడ ఒక్క పాలే తగ్గుతుంది. ఈ పెరిగే రేకూ తగ్గే రేకూ సమానమైన చోట ఆగాల. అది ఎప్పుడు?"

యజమాని కాగితం మీదికి వంగాడు. "గోడకు పట్టే రేకు, మూతలకు పట్టే రేకుకి రెండింతలుంటే."

"అదే! ఇప్పుడు చూడండి. రెండు మూతలూ కలిపితే చుట్టుకొలతను సగం వెడల్పుతో గుణించినంత. గోడేమో చుట్టుకొలతను ఎత్తుతో గుణించినంత. గోడ రెండింతలుండాలంటే ఎత్తు ఎంతుండాల? సగం వెడల్పుకి రెండింతలు. అంటే నిండు వెడల్పు. ఎత్తూ వెడల్పూ సమానం."

తర్వాత మా డబ్బా కొలతలతో లెక్క వేశారు. పాత డబ్బాకు మూతలు రెండింటికీ రెండు వందల తొమ్మిది చదరపు సెంటీమీటర్లు, గోడకు నూట నలభై. మూతలే ఎక్కువ తింటున్నాయి. అంతే పట్టే కొత్త డబ్బా ఎనిమిది వెడల్పు, ఎనిమిది ఎత్తు. మూతలకు వంద, గోడకు రెండు వందలు. మొత్తం మీద దాదాపు ఏడో వంతు రేకు మిగులుతుంది.

"ఒక మాట," అన్నారు మా ఆయన. "మూతలు గుండ్రంగా కోసేటప్పుడు మూలలు వృథా పోతాయి. అది కూడా లెక్కేస్తే ఇంకొంచెం పొడుగు డబ్బా మేలవుతుంది. అంచుల్లో మడతలుంటాయి, అదీ లెక్కే. కానీ తేడా చాలా తక్కువ. ఆ చుట్టుపక్కల ఎక్కడున్నా నష్టం లేదు."

యజమాని ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇన్నేళ్ళు పళ్ళేల్లో పోసి తగలేసినా," అని నవ్వాడు.

అప్పుడు నేను గుమ్మం దాటి లోపలికొచ్చి అన్నాను: "అన్నా, అది ఇగురు. పులుసు కాదు. డబ్బా మారితే వేడి లోపలికి పోయే లెక్క కూడా మారుద్ది. ముందు నేను చూడాల."

"చూడమ్మా, చూడకుండా ఎట్టా?" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

పులుసైతే వేడెక్కిన కొద్దీ పైకి లేచి, చల్లటిది కిందికి దిగి, డబ్బాలో తనంతట తానే కలిసిపోతుంది. ఇగురు కదలదు. గోడ నుంచి నడిబొడ్డు దాకా వేడి ఒక్కొక్క పొర దాటుకుంటూ నడిచి పోవాలి. పళ్ళెం లాంటి డబ్బాలో పై నుంచి రెండు సెంటీమీటర్లు, కింద నుంచి రెండు సెంటీమీటర్లు నడిస్తే చాలు. కొత్త డబ్బాలో ఏ వైపు నుంచి వచ్చినా నాలుగు. ఇది నాకు తెలుసు. ఎంత ఆలస్యమవుతుందో మాత్రం కొలిస్తే తప్ప తెలియదు. డబ్బా మధ్యకు సన్నటి తీగ దింపి, రిటార్ట్‌లో ఉండగానే లోపలి వేడిని బయట చూసే పరికరం మా దగ్గర ఒకటుంది. అది అప్పటికి చెడిపోయి చెన్నైకి బాగుచేయడానికి పోయి ఉంది.

కొత్త డబ్బాలు నమూనాకని వచ్చిన వారంలోనే నెల్లూరులో మా అమ్మకు కంటి ఆపరేషన్. నేను సెలవు పెట్టి పోయాను. పోయే ముందు యజమానితో చెప్పాను, పరికరం వచ్చి నేను తిరిగొచ్చేదాకా కొత్త డబ్బా ముట్టుకోవద్దని. సరేనన్నాడు.

అమ్మ కంట్లో చుక్కల మందు వేస్తూ, ఆమెకు టీవీ చూడొద్దని చెప్పి చెప్పి విసుగెత్తి, పది రోజులకు తిరిగొచ్చాను. ల్యాబ్ తలుపు తీసేసరికి రిటార్ట్ నడిపే భాయ్ వెనకే వచ్చి నిలబడ్డాడు. గూడూరు నుంచి రోజూ రైల్లో వచ్చే మనిషి, మాట తక్కువ.

"మేడం, ఒకసారి వెచ్చని బీరువా చూడండి," అన్నాడు.

ప్రతి వంట నుంచీ కొన్ని డబ్బాలు ఆ బీరువాలో ఒంటి వేడికి దగ్గరగా ఉంచుతాం. లోపల ఏదైనా బతికుంటే ఆ వేడికి పెరిగి బయటపడుతుంది. తలుపు తీశాను. పై అరలో కొత్త డబ్బాలు ఆరు. ఐదు మామూలుగా ఉన్నాయి. ఆరోదాని మూత, అడుగు రెండూ ఉబ్బి ఉన్నాయి. వేలితో నొక్కితే లోపలికి పోలేదు.

"ఎప్పుడు చేసినారు?" అన్నాను.

"మీరు పోయిన మూడో దినం. నమూనా చూడాలని మన ఓనరు సారు తొందరపెట్టినాడు. టైము ఎంత పెట్టాలని అడిగితే పాతదే పెట్టమన్నాడు. నాకు మనసొప్పక ఆరు తీసి ఇక్కడ పెట్టినా."

"మిగతావి?"

భాయ్ నేల చూశాడు. "సారు పంచినాడు మేడం. రుచి చూడమని."

నేను యజమాని గదికి పోయాను. ఆయన ఫోన్లో ఉన్నాడు. ఉబ్బిన డబ్బా బల్ల మీద పెట్టాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

"అన్నా, ముట్టుకోవద్దన్నా కదా."

"అమ్మా, నేను ఊరికే చేయలేదు. మీ సార్‌కి ఫోన్ చేసి అడిగినా. ఇగురు బరువు అదే, పట్టేది అదే, ఉడికే టైము మార్చాల్నా అని. బరువు మారకపోతే టైము ఎందుకు మారుద్దన్నాడు." ఆయన డబ్బా వైపే చూస్తున్నాడు. "ఆయన లెక్కల మనిషి కదా."

ఆ మాట విన్నాక నేను ఆయన ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మా ఇంట్లో మనిషి చెప్పిన మాట మీద ఆ వంట జరిగింది. పది రోజుల్లో రోజుకు రెండుసార్లు నాతో ఫోన్లో మాట్లాడిన మనిషి, ఈ సంగతి చెప్పాల్సినంత పెద్దదని కూడా అనుకోలేదు.

పరికరం చెన్నై నుంచి వచ్చి అట్టపెట్టెలోనే ఉంది. ఆ మధ్యాహ్నమే తీగలు బిగించి పాత డబ్బా ఒకటి, కొత్త డబ్బా ఒకటి పక్కపక్కనే రిటార్ట్‌లో పెట్టాం. భాయ్ ఆవిరి వదిలాడు. పాత టైము అయ్యేసరికి పాత డబ్బా నడిబొడ్డు నూట పంతొమ్మిది దాకా వచ్చింది. కొత్తది నూట పదకొండు దగ్గర ఉంది. వినేవాళ్ళకు ఎనిమిది డిగ్రీలు ఎంతలే అనిపిస్తుంది. మా పనిలో పది డిగ్రీలు తగ్గితే అవే గింజలను చంపడానికి పదింతల సేపు పడుతుంది. అంటే ఆ డబ్బాల మధ్యలో మేము గింజలను చంపలేదు. వాటిని వెచ్చబెట్టి, గాలి లేకుండా మూసి, మనుషులకు పంచాం.

యజమాని మొహం తెల్లబోయింది. ఆయన చేసిన మంచి పని ఏమిటంటే ఒక్క క్షణం కూడా వాదించలేదు. ఎవరెవరికి ఇచ్చాడో గుర్తు తెచ్చుకుంటూ అక్కడే ఫోన్లు మొదలుపెట్టాడు. చిల్లకూరులో చుట్టాలు. ఇద్దరు డీలర్లు. హైవే మీద ఒక ధాబా. తర్వాత ఫోన్ చెవి దగ్గర నుంచి దించి నా వైపు చూశాడు.

"సార్‌కి నాలుగు ఇచ్చినానమ్మా. వాళ్ళమ్మకు తీసకపోతానన్నాడు."

మా అత్తగారు చిట్టమూరు మండలంలో, వరి పొలాల మధ్య చిన్న ఊళ్ళో ఉంటుంది. ఒక్కతే. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆమె పొలం గట్టుకు పోతే ఫోన్ ఇంట్లోనే వదిలేస్తుంది. మా ఆయన క్లాసులో ఉన్నారు. కాలేజీకి పోయి ఆయన్ని బయటికి పిలిచాను. వరండాలో చెప్పాను.

మొదట ఆయనకు అర్థం కాలేదు. "పట్టేది అదే కదా," అన్నారు మళ్ళీ.

"పట్టేది అదే. కానీ దూరం మారింది. మీరు చేసిన డబ్బాలో మధ్య అన్ని గోడలకీ దూరమైపోయింది. మీ అమ్మ దగ్గర నాలుగున్నాయి."

చేతిలో సుద్దముక్క అట్లాగే పట్టుకుని ఆయన బండి దగ్గరికి నడిచారు.

నాయుడుపేట దాటాక, రోడ్డు వైపే చూస్తూ, "నా లెక్క తప్పు కాదు," అన్నారు.

"తప్పని నేనన్లేదు."

"నువ్వు అనకపోయినా అట్టాగే చూస్తా ఉండావు."

ఆయన సొంతూరి యాస అట్లా ఒక్కోసారి బయటపడుతుంది, కంగారులో. నిజానికి నాకు కోపంగానే ఉంది. కానీ ఆ కోపం వెనక, ఇంటి ముందు జనం గుమిగూడి ఉంటే ఎట్లా అన్న భయం ఎక్కువగా ఉంది.

ఇంటి ముందు ఎవరూ లేరు. అత్తగారు వసారాలో చేటలో బియ్యం చెరుగుతోంది. మమ్మల్ని ఆ వేళప్పుడు చూసి ఆమే భయపడింది.

"ఏంది, ఇద్దరూ వచ్చినారు? ఏమయింది?"

"అమ్మా, ఆ ఇగురు డబ్బాలు యాడున్నాయి?" అన్నారు మా ఆయన.

"లోపల ఉండాయి. రెండు మిగిలినాయి. ఒకటి పక్కింటామెకు ఇస్తి. ఒకటి నేను తినేస్తి."

మా ఆయన లోపలికి పోయి మిగిలిన రెండూ తెచ్చారు. నేను ఆమె ముందు కూర్చుని ఒక్కొక్కటిగా అడిగాను. ఎప్పుడు తిన్నారు? నిన్న మధ్యాహ్నం. పక్కింటామె? ఆమె ఇంకా తెరవలేదనుకుంటా. డబ్బా ఉబ్బి ఉందా? లేదే. వాసన? బాగానే ఉంది, ఉప్పు ఎక్కువైంది, మీవాళ్ళకు చెప్పు. అలాగే తిన్నారా, వేడి చేశారా?

"చేయకుండా ఎట్టా తింటా? డబ్బాలో ఎవరు చేసినారో, ఎప్పుడు చేసినారో. కుండలో పోసి, రెండు టమాటాలు కోసి వేసి, నూనె పైకి తేలిందాకా ఉడకపెట్టినా."

గింజలు మరిగే వేడికి చావవు గాని, అవి పుట్టించే విషం మాత్రం బాగా ఉడికిస్తే చెడిపోతుంది. నాకు ఊపిరి వచ్చింది. అయినా పూర్తిగా రాలేదు. ఎంతసేపు ఉడికించిందో చూసుకోవడానికి ఆమెకు గడియారం లేదు. కుండ మధ్యలో ముక్క దాకా ఆ వేడి చేరిందో లేదో ఎవరికి తెలుసు? లక్షణాలు ఒక రోజులో రావచ్చు, మూడు నాలుగు రోజులకూ రావచ్చు.

పక్కింటామె దగ్గర డబ్బా అట్లాగే ఉంది. తీసుకున్నాం. అత్తగారిని బండెక్కించి గూడూరు ఆసుపత్రికి తీసుకుపోయాం. ఆమె దారంతా గొణుగుతూనే ఉంది, తనకేమీ లేదని, బియ్యం అట్లాగే వదిలి వచ్చామని. డాక్టరు నేను చెప్పింది పూర్తిగా విన్నాడు. ఆమె కంటి రెప్పలు చూశాడు. గట్టిగా కళ్ళు మూయమన్నాడు. వేలు కదిలిస్తూ ఎన్ని కనిపిస్తున్నాయని అడిగాడు.

"ఒకటే. రెండెందుకు కనపడతాయి?" అంది ఆమె, డాక్టరుకే ఏదో అయిందన్నట్టు.

ఇప్పటికేమీ లేదు, కానీ కనిపెట్టుకుని ఉండాలి, మాట ముద్దగా వచ్చినా, గుటక కష్టమైనా క్షణం ఆలస్యం చేయకుండా తీసుకురండి, నెల్లూరు పంపుతాం అన్నాడు. ఆమెను మా ఇంటికి తెచ్చుకున్నాం.

ఆ తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో చెప్పడం కష్టం. పైకి చూస్తే ఏమీ జరగలేదు. అత్తగారు మా ఇంట్లో కూర్చుని కూరగాయలు తరిగింది, టీవీ చూసింది, నా వంటకు వంకలు పెట్టింది. మా ఆయన కాలేజీకి సెలవు పెట్టారు. గంటకొకసారి ఏదో వంకతో ఆమె ఎదురుగా వచ్చి కూర్చునేవారు. "అమ్మా, ఆ క్యాలెండర్‌లో ఇవాళ తిథేందో చూడు," అనేవారు. ఆమె కళ్ళు చికిలించి చదివేది. "మంచినీళ్ళు తాగు," అనేవారు. ఆమె తాగుతుంటే గొంతు వైపు చూసేవారు. ఒకసారి ఆమెకు పొలమారింది. మామూలుగా అందరికీ పొలమారినట్టే. ఆయన లేచి నిలబడిన తీరు చూసి ఆమె గ్లాసు కింద పెట్టేసింది.

"నాకేం పెట్టినార్రా మీరు?" అని అడిగింది.

అప్పుడు చెప్పారు. మొత్తం చెప్పారు, డబ్బా గురించి, రేకు గురించి, తను ఫోన్లో చెప్పిన మాట గురించి. ఆమె అంతా విని కొడుకు మీద కాదు, నా మీద విసుక్కుంది. "నీ పని అదే కదమ్మా. వీడికేం తెలుసని వీణ్ణి అడగనిచ్చినావు?" నేను నెల్లూరులో ఉన్నానని చెప్పబోయి ఊరుకున్నాను. భయపడిన మనిషి మాట అది.

ఆమెకేమీ కాలేదు. వారం దాటాక ఊరికి దింపి వచ్చాం.

యజమాని మిగతా డబ్బాలన్నీ ఎవరూ తెరవకముందే వెనక్కి తెచ్చాడు, ఒకటి తప్ప. ధాబా వాడు తనకిచ్చిన రెండింటిలో ఒకటి, భోజనానికి ఆగిన లారీ డ్రైవరుకు ఊరికే ఇచ్చాడట, రుచి చూడన్నా అని. ఏ లారీ, ఎటు పోయేది? చెన్నై వైపు అనుకుంటా అన్నాడు. మళ్ళీ, కాదు, విజయవాడ వైపేమో అన్నాడు. యజమాని ఆ ధాబాలో రోజూ సాయంత్రం పోయి కూర్చున్నాడు, ఆ మనిషి మళ్ళీ ఆగుతాడేమోనని. తడ నుంచి నెల్లూరు దాకా హైవే మీద ఆగే చోటల్లా అడిగాడు. తెలియలేదు. ఈ రోజుకీ తెలియదు. ఆ డ్రైవరు దాన్ని పారేశాడో, స్టవ్ మీద బాగా ఉడికించి తిన్నాడో, ఎక్కడో రాష్ట్రం దాటాక తెరిచాడో. మంచే జరిగి ఉంటుందని మేము ముగ్గురం ఒకరికొకరం చెప్పుకున్నాం. ఎవరి మొహంలోనూ నమ్మకం కనిపించలేదు.

కొత్త డబ్బా మీద నేను తర్వాత నెల రోజులు పని చేశాను. నడిబొడ్డు సరిగ్గా ఉడికేదాకా టైము పెంచుకుంటూ పోయాను. భద్రత వచ్చింది. కానీ అప్పటికి గోడ దగ్గరి రొయ్యలు రబ్బరు ముక్కలయ్యాయి, మసాలా మాడు రంగు తిరిగింది. యజమాని ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలి, ఉమ్మేయలేక మింగాడు.

"ఏమ్మా, రేకు తక్కువ పట్టే డబ్బాకే ఈ రోగమా? లేకపోతే మన ఖర్మా?" అన్నాడు.

ఆ ప్రశ్న నేను ఇంట్లో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. మా ఆయన అప్పటికి నాతో మామూలుగా మాట్లాడుతున్నారు గాని లెక్కల మాట ఎత్తడం లేదు. రెండు రోజులు ఏవో పుస్తకాలు తిరగేశారు. మూడో రోజు సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి బల్ల ముందు ఉన్నారు.

"ఖర్మ కాదు. రేకే," అన్నారు.

పక్కన కూర్చున్నాను. ఆయన నిదానంగా చెప్పారు. రేకు తక్కువ పట్టడమంటే లోపల ఉన్నదానికి బయటి చర్మం తక్కువగా ఉండటం. వేడి వచ్చేది ఆ చర్మం మీద నుంచే. వచ్చే దారి తగ్గింది, నడవాల్సిన దూరం పెరిగింది. కదలని ముద్దగా ఉండే వంటకానికి, ఒకే పరిమాణమున్న డబ్బాలన్నిట్లో ఏది అన్నిటికన్నా ఆలస్యంగా వేడెక్కుతుందో ఆయన లెక్క వేశారు. ఎత్తు వెడల్పులో నూటికి తొంభైరెండు పాళ్ళున్న డబ్బా. దాదాపు సమానం.

"దానికీ దీనికీ తేడా కనపడదు. రేకుకి ఏది అన్నిటికన్నా మంచిదో, వేడికి దగ్గర దగ్గర అదే అన్నిటికన్నా చెడ్డది. మీ పళ్ళెం డబ్బా కంటే ఒకటిన్నర రెట్ల పైన ఆలస్యం. నువ్వు కొలిచిందానికి సరిపోయింది చూడు." కాగితం నా వైపు జరిపారు. "నన్ను అడిగినాయన రేకు గురించి అడిగినాడు. నేను రేకు గురించి చెప్పినా. ఫోన్లో అడిగింది వేరే ప్రశ్న. అది వేరే ప్రశ్నని నాకు తట్టలేదు. అంతే జరిగింది."

అంతే జరిగింది అన్నారు గాని, ఆ తర్వాత చాలాసేపు కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుని కూర్చున్నారు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. తీసేయలేదు. అట్లాగని నా వైపు తిరగనూ లేదు.

యజమాని ఇగురును మళ్ళీ పళ్ళెం డబ్బాలోకి మార్చాడు. పోయే రేకు పోనీ అన్నాడు. ఎనిమిదికి ఎనిమిది డబ్బాలు మిగిలినవాటిలో చేపల పులుసు పెట్టాలని ఆలోచన వచ్చింది. పులుసు కదులుతుంది కాబట్టి వేడి త్వరగా కలుస్తుంది. అయినా ముక్కలుంటాయి, ప్రతి ముక్కకూ ఒక నడిబొడ్డు ఉంటుంది. కొలవకుండా ఒక్కటి కూడా బయటికి పోదని నేను అనకముందే యజమానే అన్నాడు.

మొదటి పులుసు పరీక్ష రోజు మా ఆయనకు కాలేజీ సెలవు. నేను బయల్దేరుతుంటే చొక్కా వేసుకుని వచ్చి, "నేనూ రావచ్చా?" అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారీ షెడ్డు లోపలికి రాలేదు.

భాయ్ ఆయనకు తలకు టోపీ ఇచ్చి, వేడి గొట్టాల నుంచి దూరంగా నిలబడమన్నాడు. నేను డబ్బాల నడిబొడ్డుల్లోకి తీగలు దింపి, తలుపు బిగించాను. ఆవిరి ఎక్కడం మొదలైంది. తెర మీద రిటార్ట్ వేడి ఒక అంకె, పులుసు అంకె దాని కింద, పోల్చి చూసుకోవడానికి అలాంటి డబ్బాలోనే పెట్టిన ఇగురు అంకె అన్నిటికన్నా కింద. పై అంకె గబగబా వందకు చేరింది. పులుసు వెనకే లేచింది. ఇగురు నలభై దగ్గర కదలకుండా ఉండిపోయింది.

"పని చేస్తా ఉందా అది?" అన్నారు మా ఆయన.

"చేస్తా ఉంది. దానికింకా వేడి చేరలేదు."

ఆయన తెరకు దగ్గరగా వచ్చి నిలబడ్డారు. బయట ఆవిరి చప్పుడు, లోపల ఉక్కపోత. పై అంకె నూట ఇరవయ్యొకటి తాకి నిలిచాక కూడా చాలాసేపటికి గాని ఇగురు నలభై ఒకటి కాలేదు. నలభై ఒకటి చూశాక ఆయన జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నారు, మళ్ళీ తెర వైపే తిరిగారు. భాయ్ ఆయన కోసం కుర్చీ తెచ్చి పక్కన వేశాడు. ఆయన కూర్చోలేదు.